బడ్జెట్ నుంచి మొదలుపెట్టండి: గ్రాంటు దరఖాస్తును ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళకి

తెలుగులో రాసిన గ్రాంటు దరఖాస్తు చేతికి రాగానే ఎవరైనా మొదటి పేజీ తెరిచి అక్కణ్ణుంచి ఇంగ్లీషు చేయడం మొదలుపెడతారు. ముందు సంస్థ పరిచయం, తర్వాత ఆశయాలు, ఉద్దేశాలు, కార్యక్రమాలు వస్తాయి. బడ్జెట్ పట్టిక చేరేసరికి గడువు దగ్గరపడుతుంది, ఓపికా అయిపోతుంది. ఇక పట్టికలో ఉన్న నాలుగు మాటలకీ నాలుగు ఇంగ్లీషు మాటలు పెట్టి, పక్కన ఉన్న ఒక్క వాక్యం సమర్థనని అలాగే దింపేసి పంపేస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందన్నది నా వాదన. బడ్జెట్ ముందు తెమల్చాలి, దాని సమర్థన రెండోది, ఉద్దేశాలు ఆ తర్వాత. పరిచయం ఆఖర్న చేసినా ఏమీ కాదు.

కారణం చెబుతాను. మన దరఖాస్తుల్లో ఉద్దేశాలు రాసే పద్ధతి సభలో ఉపన్యాసం చెప్పే పద్ధతే. వాక్యం మీద వాక్యం పేరుకుంటూ, చదివేవాడి మనసు కరిగించేలా సాగుతుంది. తెలుగు పాఠకుడికి అది బలమే, ఎందుకంటే వెనక ఉన్న సంగతులు అతనికి ముందే తెలుసు. ఊరి గ్రంథాలయం అంటే ఏమిటో, పాత పత్రికల కట్టలు బీరువాల్లో ఏ స్థితిలో ఉంటాయో చెప్పక్కర్లేదు. లండన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో కూర్చుని దరఖాస్తులు పరిశీలించే మనిషికి ఆ సంగతులు తెలియవు. కాబట్టి మన ఉద్వేగం అతనికి చేరినా దాని ఆధారం చేరదు. ఆ ఆధారమంతా రాసినవాళ్ళ బుర్రలో ఉంటుంది, లేదా బడ్జెట్ అంకెల వెనక దాక్కుని ఉంటుంది. దాన్ని ముందు బయటికి లాగితే తప్ప ఉద్దేశాలకి ఇంగ్లీషులో ప్రాణం రాదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఇది నేను కూర్చిన ఉదాహరణ, ఏ ఒక్క సంస్థదీ కాదు. కోస్తాలో ఒక చిన్న పట్టణం, అందులో చందాలతో నడిచే ఒక పాత గ్రంథాలయ సంఘం. వాళ్ళ దగ్గర 1900-1950 మధ్య వచ్చిన తెలుగు పత్రికలు 240 బౌండు సంపుటాలున్నాయి. కృష్ణా పత్రిక, హిందూసుందరి, 1928లో మొదలైన గృహలక్ష్మి, జిల్లాల్లో కొన్నాళ్ళే నడిచి ఆగిపోయిన చిన్న పత్రికలు. వీటిని డిజిటైజ్ చేయడానికి విదేశీ గ్రాంటు అడుగుతున్నారు. ఇలాంటి పనికి డబ్బిచ్చేవాళ్ళు నిజంగానే ఉన్నారు. బ్రిటిష్ లైబ్రరీలో ఆర్కేడియా నిధితో 2004లో మొదలైన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం గ్రంథాలయం నడిపే మోడర్న్ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ అలాంటివే. ఎవరి నిబంధనలు వాళ్ళవి, ఏటా మారుతుంటాయి కూడా. నేను చెప్పేది ఏ ఒక్కరి ఫారమ్ గురించీ కాదు.

తెలుగు దరఖాస్తులో మొదటి ఉద్దేశం ఇలా ఉందనుకుందాం: “మన పూర్వీకులు ఎన్నో త్యాగాలు చేసి కూడబెట్టిన అమూల్యమైన అక్షర సంపద కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడి, ఆధునిక సాంకేతిక పరిజ్ఞానంతో భావితరాలకు అందించి, ప్రజల్లో చైతన్యం తీసుకురావడం.” బడ్జెట్లో ఒక పద్దు ఇలా ఉంది: “హార్డ్ డిస్కులు 3, రూ. 60,000. భద్రపరచుటకు అత్యవసరం.” దరఖాస్తు గట్టెక్కుతుందా లేదా అన్నది ఈ రెండో వాక్యం దగ్గరే తేలుతుందని నేను నమ్ముతాను.

“అత్యవసరం” అన్న మాటని ఇంగ్లీషులో ఎంత గంభీరంగా పెట్టినా పరిశీలించేవాడికి రెండే ప్రశ్నలు వస్తాయి: మూడే ఎందుకు? ఒక్కొక్కటి ఇరవై వేలెందుకు? జవాబు లెక్కలో ఉంది. 240 సంపుటాలు, సగటున 400 పేజీలు, అంటే 96,000 పేజీలు. పుస్తకం తెరిచినప్పుడు కనిపించే రెండు పేజీలకి కలిపి ఒక ఫోటో తీస్తారు కనుక 48,000 ఫోటోలు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాతో తీసిన ఒక్క రంగుల టిఫ్ ఫైలు సుమారు 72 మెగాబైట్లు. 48,000 ఫైళ్ళకి మూడున్నర టెరాబైట్ల దాకా అవుతుంది. కెమెరా ఇచ్చే మూల ఫైళ్ళు ఒక్కొక్కటి 30 మెగాబైట్లు అనుకున్నా మరో ఒకటిన్నర. మొత్తం దాదాపు ఐదు టెరాబైట్లు వస్తుంది కాబట్టి 8 టెరాబైట్ల డిస్కు కావాలి. ఒకటి గ్రంథాలయంలో, రెండోది వేరే ఊళ్ళో, మూడోది నిధులిచ్చే సంస్థకి పంపడానికి. అందుకే మూడు.

ఇప్పుడు ఇంగ్లీషులో రాయాల్సిన సమర్థన రెండు వాక్యాల్లో అయిపోతుంది: 48,000 ఫోటోలకి దాదాపు ఐదు టెరాబైట్ల చోటు పడుతుంది; ఒక్కో చోట ఒక్కో పూర్తి ప్రతి ఉండేలా 8 టెరాబైట్ల డిస్కులు మూడు, ఒక్కొక్కటి 20,000 రూపాయలు, ఫలానా తేదీ కొటేషన్ ప్రకారం. “అత్యవసరం” అన్న మాట అక్కడ ఉండదు. అయినా అది లేకుండా పని జరగదని చదివేవాడికి తనంతట తనకే తెలుస్తుంది. తెలుగులో విశేషణం చేసిన పనిని ఇంగ్లీషులో గుణకారం చేస్తోందన్నమాట. ఒప్పించే బలం పోలేదు, చోటు మారింది.

ఈ లెక్క తెలుగు మూలంలో లేదు కదా, అనువాదకుడు ఎక్కణ్ణుంచి తెస్తాడని అడగవచ్చు. తేకూడదు, అడగాలి. కల్పించిన అంకె ఒక్కటి దొరికినా దరఖాస్తంతా అనుమానంలో పడుతుంది. పైగా గ్రాంటు వచ్చాక ఆ అంకెకి సంఘం కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. బడ్జెట్ ముందు చేయాలనడానికి ఇంకో కారణం ఇదే. పద్దుల దగ్గర పుట్టే ప్రశ్నలన్నీ మొదటి రెండు రోజుల్లో సంఘానికి పంపేస్తే, మీరు మిగతా భాగాలు చూస్తుండగా జవాబులు వస్తాయి. బడ్జెట్ ఆఖరికి వదిలేస్తే ఆ ప్రశ్నలు గడువు రాత్రి పుడతాయి, అప్పుడు అడిగే వీలుండదు.

జీతాల పద్దు దగ్గర కూడా ఇదే పద్ధతి. “ఇద్దరు ఆపరేటర్లు, 9 నెలలు, నెలకు రూ. 20,000 గౌరవ వేతనం, మొత్తం 3,60,000” అని ఉంది. తొమ్మిది నెలలెందుకు? పాత న్యూస్‌ప్రింట్ పెళుసుగా ఉంటుంది కాబట్టి ప్రతి పేజీనీ చేత్తో నెమ్మదిగా తిప్పి, కింద ఆసరా పెట్టి, పైన గాజుపలక ఆనించి, ఫోటో తీసి, స్పష్టంగా వచ్చిందో లేదో తెరమీద చూసుకోవాలి. నిమిషానికి ఒక ఫోటో లెక్కన రోజుకు ఐదు గంటల అసలు పనిలో 300. అంటే 160 పనిరోజులు, నెలకు 22 చొప్పున ఏడు నెలల పైన. శిక్షణకీ ట్రయల్‌కీ రెండు వారాలు, సరిగా రానివి మళ్ళీ తీయడానికి ఒక నెల కలిపితే తొమ్మిది. ఈ రోజుకు 300 అన్నది ఊహ కాకూడదు. ఒక సంపుటం మీద ఒక పూట ట్రయల్ చేసి చూసుకున్న వేగం అయి ఉండాలి. అలా చూసుకున్నామని ఒక్క వాక్యం రాస్తే పరిశీలకుడు మిగతా అంకెల్ని కూడా నమ్మడం మొదలుపెడతాడు.

“గౌరవ వేతనం” దగ్గర జాగ్రత్త. మన దగ్గర పార్ట్‌టైము వాళ్ళకీ, పూర్తి సమయం పనిచేసేవాళ్ళకీ ఇదే మాట వాడేస్తాం. దీన్ని హానరేరియం అని దించితే, ఒక ఉపన్యాసానికో సలహాకో ఇచ్చే చిన్న మొత్తంగా అక్కడివాళ్ళు చదువుతారు. తొమ్మిది నెలలు రోజూ పనిచేసే మనిషికి హానరేరియం అంటే, చట్టం ప్రకారం జీతం ఇవ్వకుండా పని చేయించుకుంటున్నారా అన్న అనుమానం పుడుతుంది. పూర్తి సమయం పనైతే జీతం అనే రాయాలి. నిజంగానే అప్పుడప్పుడూ వచ్చి సలహా ఇచ్చే విశ్రాంత లైబ్రేరియన్‌కైతే హానరేరియం సరిపోతుంది. ఏది ఏదో అనువాదకుడు ఊహించి తేల్చకూడదు.

ఇక మన బడ్జెట్లన్నిట్లోనూ ఉండే పద్దు ఒకటుంది: “ఇతర ఖర్చులు, రూ. 1,00,000.” దీన్ని మిసెలేనియస్ అని మార్చి ఊరుకోవడం కంటే చేటు చేసేది లేదు. చాలామంది ఫండర్లు ఆ పద్దుని ఒప్పుకోరు. ఒప్పుకున్నా, పెద్ద మొత్తం పేరు లేకుండా ఉంటే మిగతా బడ్జెట్ కూడా అంచనా మీద రాసిందేనని అనుకుంటారు. కార్యదర్శిని కూర్చోబెట్టి అడిగితే ఆ లక్షలో ఏముందో బయటికొస్తుంది. మన ఉదాహరణలో ఇలా తేలిందనుకుందాం: కరెంటు పోయినప్పుడు దీపాలూ కంప్యూటరూ నడవడానికి ఇన్వర్టరు, బ్యాటరీ 36,000, కెమెరా సామగ్రికి ఇన్సూరెన్సు 15,000, చిరిగిన పేజీలకి ఆసరాగా వాడే ఫోమ్, గాజుపలక, టిష్యూ 22,000, డిస్కు పంపే కొరియరు 9,000. మొత్తం 82,000. మిగిలిన 18,000 ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ పద్దెనిమిది వేలకి మీరు ఒక పేరు కనిపెట్టి పెట్టకండి. ఫండరు ఆకస్మిక ఖర్చులకి వీలిస్తే ఆ పద్దు కింద చూపించమనండి, లేకపోతే తీసేయమనండి. తీసేశారనుకుందాం. అడిగే మొత్తం 13,60,000 నుంచి 13,42,000కి దిగింది. బడ్జెట్ చిన్నదైంది, కానీ బలం పెరిగింది. ఆ ఇన్వర్టరు పద్దు ఒక్కటే, ఈ సంఘానికి తన ఊరి పరిస్థితి తెలుసని చెప్పేస్తుంది.

అంకెల రూపం గురించి కూడా ఒక మాట. 13,42,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టి పంపితే, విదేశీ పాఠకుడు ఎక్కడో ఒక అంకె పడిపోయిందనుకుంటాడు. 1,342,000 అని రాయాలి. లక్ష, కోటి మాటలు సమర్థనలో ఎక్కడా మిగలకూడదు. మార్పిడి రేటు ఏ రోజుది, ఎక్కడ తీసుకున్నది అన్నది పట్టిక కింద రాయాలి. ఉదాహరణకు పౌనుకు 110 రూపాయలనుకుంటే ఇది 12,200 పౌన్లు. డబ్బు వచ్చే రోజుకి రేటు 104కి దిగితే చేతికందేది 12,68,800 మాత్రమే. 73,200 తరుగు, అంటే ఇద్దరు ఆపరేటర్ల జీతం దాదాపు రెండు నెలలది. కాబట్టి సంఘం అసలు లెక్క రూపాయల్లో ఉందని, పౌన్ల మొత్తం ఫలానా రేటు మీద కట్టిందని స్పష్టంగా ఉండాలి. తేడా వస్తే ఏ పద్దు తగ్గిస్తారో ఫండరు అడిగే అవకాశం ఉంది. ఆ జవాబు సంఘం ముందే అనుకుని ఉంచుకోవడం మంచిది.

విదేశీ నిధుల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, ఇక్కడ మాటల ఎంపికలోకి కూడా చొరబడుతుంది. 2010 నాటి ఈ చట్టాన్ని 2020లో సవరించారు. ఆ సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకి బదలాయించడం కుదరకుండా పోయింది. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మన ఉదాహరణలో సూచీ తయారుచేసే ఉద్యోగిని పద్దు తెలుగులో “కార్యాలయ సహాయకురాలు, 12 నెలలు, రూ. 3,00,000” అని ఉందనుకుందాం. ఆమె ఆఫీసు పని చేయదు. పత్రిక పేరు, సంచిక, నెల, సంపాదకులు, పేజీలు, చిరిగినవేవి అన్నీ చూసి వివరాలు నమోదు చేస్తుంది. ఈ ప్రాజెక్టులో సగం విలువ ఆ సూచీలోనే ఉంది. మాటకి మాట దించి ఆఫీస్ అసిస్టెంట్ అని రాస్తే, అకౌంట్లు, ఆడిట్ పద్దు 60,000తో కలిసి పాలనా ఖర్చు 3,60,000 అయినట్టు కనిపిస్తుంది, అంటే మొత్తంలో 27 శాతం దగ్గర. చట్టం గీత దాటినట్టే. ఆమె చేసే పనిని బట్టి క్యాటలాగర్ అని రాస్తే నిజమైన పాలనా ఖర్చు ఐదు శాతం లోపే ఉందని తెలుస్తుంది.

దీన్ని తిరగేసి మోసానికి వాడుకోకూడదు. కార్యదర్శి జీతాన్ని క్యాటలాగర్ కింద దాచమంటే ఒప్పుకోకండి. అలాగే “భాగస్వామ్య సంస్థకు ఇచ్చే సొమ్ము” అన్న పద్దు కనిపిస్తే ఆగి అడగండి. అది బిల్లు తీసుకుని కొనుక్కునే స్కానింగ్ సేవ అయితే అలాగే రాయాలి. నిజంగానే గ్రాంటులో వాటా పంచి ఇవ్వడమైతే, ఆ పద్దు మీద ఆడిటరుతో మాట్లాడమని సంఘానికి చెప్పాలి. మాట మార్చినంత మాత్రాన చట్టం ముందు అది వేరే పనైపోదు.

ఇప్పుడు ఉద్దేశాలకి తిరిగొద్దాం. బడ్జెట్ తేలాక చేతిలో ఏమున్నాయో చూడండి: 240 సంపుటాలు, 48,000 ఫోటోలు, 12 నెలలు, మూడు చోట్ల ప్రతులు, ఒక సూచీ, ప్రతి సంపుటానికీ ఒక ఆమ్లరహిత అట్టపెట్టె. మొదటి ఉద్దేశంలో ఉన్న మూడు క్రియల్ని, కాపాడడం, అందించడం, చైతన్యం తేవడం, వీటి పక్కన పెట్టి చూస్తే దేనికి డబ్బుందో దేనికి లేదో ఇట్టే కనబడుతుంది. కాపాడడానికి పెట్టెలూ ఫోటోలూ ఉన్నాయి. అందించడానికి సూచీ, ఫోటోలు అందరికీ తెరిచిపెట్టే వెబ్ వేదిక ఉన్నాయి. చైతన్యానికి ఒక్క రూపాయి లేదు. డబ్బు లేని ఉద్దేశం ఇంగ్లీషులో హామీలా నిలబడుతుంది, ఏడాది చివర్లో దాని మీద నివేదిక అడుగుతారు. దాన్ని మీరే కొట్టేయకండి, సంఘాన్ని అడగండి. బడి టీచర్లకి రెండు రోజుల పరిచయ సమావేశం అని అర్థమైతే దానికో పద్దు చేరాలి. ఊరికే మంచి మాటగా రాసిందైతే, దాన్ని పెద్ద ఆశయం చెప్పే వాక్యంలోకి జరపాలి. అక్కడ దానికి కొలత అక్కర్లేదు.

అలా విడదీశాక ఇంగ్లీషులో మొదటి ఉద్దేశంలో ఇంత ఉంటుంది: పన్నెండు నెలల్లో, 1900-1950 నాటి 240 బౌండు సంపుటాల తెలుగు పత్రికల్ని ఉన్న ఊళ్ళోనే ఫోటో తీసి, సుమారు 48,000 చిత్రాలు అందరికీ అందుబాటులో ఉంచడం. రెండోది సంచికల వారీ సూచీ, తెలుగు లిపిలోనూ రోమన్ లిపిలోనూ. మూడోది సంపుటాలన్నిటినీ పెట్టెల్లో భద్రపరచడం, ముందుగా పెళుసైన వాటితో మొదలుపెట్టి. ఒక్కో ఉద్దేశం ఏ పద్దుల మీద నిలబడిందో వేలు పెట్టి చూపించవచ్చు. పరిశీలకుడు చేసే పని కూడా సరిగ్గా ఇదే, ఉద్దేశం చదివి పట్టికలో దాని డబ్బు వెతుక్కుంటాడు.

మరి “కాలగర్భంలో కలిసిపోకుండా” అన్న ఆవేదన ఏమైంది? ఇక్కడే నేను ఇంకో రకం అనువాదకులతో గొడవపడతాను. ఫండర్లకి పొడి భాషే ఇష్టమని, ఉద్వేగం వాసన తగిలిన ప్రతి వాక్యాన్నీ కోసేసి ఎముకలు పంపేవాళ్ళున్నారు. అది తప్పు. ఎందుకు ఇప్పుడే, ఎందుకు వీళ్ళే అన్న ప్రశ్నలకి జవాబు ఆ ఆవేదనలోనే ఉంది. దాన్ని కోయకుండా దాని కారణం అడగాలి. కాలగర్భంలో కలవడం అంటే ఇక్కడ ఏం జరుగుతోంది? ఆ రోజుల్లో పత్రికలు అచ్చువేసిన చవక కాగితం చెక్కగుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ వల్లా, తయారీలో వాడిన పటిక వల్లా ఏళ్ళు గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి పెళుసవుతుంది. కోస్తా ఉక్క దాన్ని ఇంకా తొందరపెడుతుంది. గ్రంథాలయాల్లో దీనికొక సాదా పరీక్ష ఉంది: పేజీ మూలని అటూ ఇటూ మడిచి చూస్తారు, ఒకటి రెండు మడతలకే ఊడివస్తే కాగితం పని అయిపోయినట్టు. 240లో 60 సంపుటాల్లో మూల రెండో మడతకే ఊడి వచ్చిందని రాయండి. వాటిని పాఠకులకి ఇవ్వడం మానేశారన్నది నిజమైతే అదీ రాయండి. “కాలగర్భం” అన్న మాట తెలుగు పాఠకుడిలో రేపే బాధని, లండన్ పాఠకుడిలో ఆ ఊడిన మూల రేపుతుంది.

“అమూల్యమైన” అన్నదానికీ అంతే. ఇంగ్లీషులో ప్రైస్‌లెస్ అని పెడితే పరిశీలకుడు కంప్యూటర్ తెరిచి వెతుకుతాడు. మన పాత పత్రికలు చాలానే ఇప్పటికే స్కాన్ అయ్యాయి, ప్రెస్ అకాడమీ చేయించినవీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నవీ కలిపి. ఈ సంఘం దగ్గరున్న ఏ సంవత్సరాలు అక్కడ లేవో సంచికల వారీగా పోల్చి చెప్పగలిగితే, ఆ ఒక్క పట్టిక వంద విశేషణాల పెట్టు. ఈ పోలికలో పేర్ల స్పెల్లింగు దెబ్బతీస్తుంది. గృహలక్ష్మిని Gruhalakshmi అని ఒకచోటా Grihalakshmi అని ఇంకోచోటా రాస్తే, అవి రెండు పత్రికలనుకునే ప్రమాదం ఉంది. దరఖాస్తంతా ఒకే స్పెల్లింగు వాడి, గ్రంథాలయ క్యాటలాగుల్లో ఉండే రూపాన్ని మొదటిసారి ఒక్కచోట ఇవ్వండి. పరిశీలకుడు వెతికినప్పుడు దొరకాలి.

వాక్యాల్లోకి దిగితే, మన క్రియలు రెండు చోట్ల బోల్తా కొట్టిస్తాయి. మొదటిది “చేస్తాం”. “ప్రతి వేసవిలో విద్యార్థులకు పఠన శిబిరం నిర్వహిస్తాం” అంటే ఇప్పటికే నిర్వహిస్తున్నారనా, గ్రాంటు వస్తే నిర్వహిస్తారనా? తెలుగులో ఒకే రూపం రెంటికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఏదో ఒకటి తేల్చాల్సిందే. ఇప్పటికే జరిగే పనిని కొత్త పనిగా రాస్తే అబద్ధమాడినట్టవుతుంది. కొత్త పనిని జరుగుతున్నదిగా రాస్తే, జరుగుతున్నదానికి మళ్ళీ డబ్బెందుకని ఆ పద్దు కొట్టేస్తారు. రెండోది “చేపట్టడం జరుగుతుంది”. ఆఫీసు తెలుగు మనకి అలవాటు చేసిన ఈ రూపంలో చేసేవాడు మాయమైపోతాడు. ఇంగ్లీషులో కూడా కర్మణి వాక్యంతో సరిపెట్టవచ్చు, కానీ “నాణ్యత పరిశీలించడం జరుగుతుంది” అన్నప్పుడు ఎవరు పరిశీలిస్తారో చెప్పకపోతే ఆ పనికి బడ్జెట్లో మనిషి ఎవరో తెలియదు. ప్రతి “జరుగుతుంది” దగ్గరా ఆగి ఎవరి చేత అని అడిగితే, ఒక్కోసారి ఆ పనికి ఎవరినీ పెట్టుకోలేదన్న సంగతి సంఘానికే అప్పుడు తెలుస్తుంది.

“మన” అన్న మాట కూడా అంతే. తెలుగులో “మన సంపద” అనేటప్పుడు చదివేవాణ్ణి కలుపుకుంటున్నాం, “మా గ్రంథాలయం” అనేటప్పుడు కలుపుకోవడం లేదు. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. విదేశీ పాఠకుడికి ఆ సంపద ఎవరిదో తెలియదు. తెలుగు చదివే పరిశోధకులదా, ఆ ఊరి పాఠకులదా, అప్పట్లో ఆ పత్రికలకి రాసిన స్త్రీల వారసులదా అన్నది పేరుపెట్టి చెప్పడం మేలు.

అడగకుండా తీసేయదగ్గది నాకు తెలిసి ఒక్కటే: “సహృదయంతో పరిశీలించి నిధులు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం” తరహా వాక్యాలు. మన ఉత్తరంలో అది మర్యాద. అక్కడి పరిశీలకుడు దరఖాస్తుకి మార్కులు వేసే మనిషి, ఆ వాక్యానికి మార్కులుండవు, ఫారమ్‌లో చోటు మాత్రం తింటుంది. ఆ చోటు చాలా విలువైంది, ఎందుకంటే తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే విషయం ఇంగ్లీషులో ఎక్కువ మాటలు పడుతుంది. మాటల పరిమితి ఉన్న పెట్టెలో తెలుగు సరిపోయింది కదా అని ఇంగ్లీషు సరిపోదు.

దీనికి తోబుట్టువు లాంటిదే మన వినయం, అదే బడ్జెట్‌కి ఎక్కువ నష్టం చేస్తుంది. “సంఘం తన వంతుగా చిరు సాయం అందిస్తుంది” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ చిరు సాయంలో ఏముందో అడగండి. పన్నెండు నెలలు ఒక గది, ఊళ్ళో అలాంటి గది అద్దె నెలకు ఆరు వేలైతే 72,000. కరెంటు బిల్లు. వారానికి రెండు పూటలు వచ్చి సంపుటాలు బీరువాలోంచి తీసి, లెక్కచూసి మళ్ళీ సర్దే ఇద్దరు సభ్యుల శ్రమ. ఇవన్నీ సంఘం వాటాగా పట్టికలో వేరే వరసలో, అడిగే మొత్తంలో కలపకుండా, ధర కట్టి చూపించాలి. గది ఇవ్వగలిగిన సంఘం, పని అయిపోయాక ఆ పెట్టెల్ని కూడా చూసుకుంటుందన్న భరోసా పరిశీలకుడికి కలిగేది అక్కడే. దశాబ్దాలుగా చందాలతో తలుపులు తెరిచి ఉంచారన్న వాక్యం ఆ వరస పక్కన పెడితే అది గొప్పలు చెప్పుకోవడంలా ఉండదు.

అన్నీ అయ్యాక రెండు పరీక్షలు చేయించండి. ఈ ప్రాజెక్టు సంగతి తెలియని, ఇంగ్లీషు బాగా చదివే ఒకరికి బడ్జెట్ సమర్థన ఒక్కటే ఇచ్చి, ఇది ఏ పని కోసమో, ఎంత పనో, ఎన్నాళ్ళో చెప్పమనండి. ఉద్దేశాల పేజీ చూడకుండానే దాదాపు ఉద్దేశాల్ని చెప్పగలిగితే రెండూ కలిశాయన్నమాట. చెప్పలేకపోయిన చోట ఏ పద్దు మూగగా ఉందో తెలుస్తుంది. రెండోది, ఇంగ్లీషు ప్రతిని కార్యదర్శికీ కోశాధికారికీ తెలుగులో నోటితో చదివి వినిపించండి. మూల దరఖాస్తు తీసి చదవకూడదు, మీరు రాసిన ఇంగ్లీషునే తెలుగులో చెప్పాలి. సంతకం పడేది ఆ ఇంగ్లీషు మీదే, ఏడాది తర్వాత నివేదిక రాయాల్సిందీ, ఆడిటరు ముందు పెట్టాల్సిందీ ఆ అంకెలతోనే. రోజుకు 300 ఫోటోలు అన్నది వినిపించినప్పుడు ఆపరేటరుగా అనుకున్న కుర్రాడు కూడా ఆ గదిలో ఉంటే మంచిది. కుదరదని అతను చెప్పాల్సింది దరఖాస్తు పంపకముందే.